లోను ఎందుకు రాలేదో చెప్పాల్సింది ఎవరు? కృత్రిమ మేధకు చట్టమా, మార్గదర్శకమా

సభలోని పెద్దలకు, రైతు సోదరులకు, వెనక నిలబడి వింటున్న కాలేజీ పిల్లలకు నమస్కారం.

నేను ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం కాలం ఈ డెల్టాలోనే, కాలువ గట్ల పక్క బ్రాంచీల్లో గడిచింది. కృత్రిమ మేధను చట్టంతో అదుపు చేయాలా, స్వచ్ఛంద మార్గదర్శకాలతో నడపాలా అన్నది నాకిచ్చిన అంశం. దీన్ని నేను ఒకే ఒక్క లోను దరఖాస్తు పట్టుకుని చెబుతాను. నాకు బాగా తెలిసింది అదే.

మొన్న దాళ్వా నాట్లకు ముందు మా ఊరి కౌలు రైతు ఒకాయన ఫోను పట్టుకుని మా అరుగు మీదికొచ్చాడు. నాలుగెకరాలు మక్తాకు చేస్తాడు. భూమిగలాయన హైదరాబాదులో ఉంటారు. పెట్టుబడికి ఎనభై వేలు కావాలని ఒక బ్యాంకు యాప్‌లో దరఖాస్తు పెడితే పది నిమిషాల్లో జవాబొచ్చింది: మా అంతర్గత ప్రమాణాల ప్రకారం మీ దరఖాస్తును ఆమోదించలేము, అని. "నేను ఎవరి బాకీ ఎగ్గొట్టానండీ? ఆ ప్రమాణాలేంటో మీరైనా చెప్పండి" అన్నాడు.

ఆయన కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే సంగతి అర్థమైంది. వన్-బీలో, అడంగల్‌లో పేరు భూమిగలాయనది. ఈ-పంట నమోదూ ఆయన పేరు మీదే. సార్వా ధాన్యం అమ్మిన డబ్బు కూడా ఆయన ఖాతాలోనే పడింది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు తీసుకోవచ్చు గానీ దానికి భూమిగలాయన సంతకం కావాలి. ఆ సంతకం రాలేదు. అంటే ఇరవై ఏళ్లుగా ఆ చేలో దిగినవాడు ఏ రికార్డులోనూ రైతు కాదు. ఆయన ఖాతాలో కనిపించేవి ఎరువుల కొట్టుకు, కూలీలకు వెళ్లిన చిన్న చిన్న చెల్లింపులే. భూమి లేదు, పంట లేదు, పంట డబ్బు లేదు. రికార్డులను బట్టి లెక్కగట్టే యంత్రానికి ఈయన ఎలా కనిపిస్తాడో ఊహించండి. యంత్రం అబద్ధమాడలేదు. దానికి పెట్టిన రికార్డే అసంపూర్తి.

ఇందులో ఇంకో చిక్కుంది. దాన్ని కాస్త నిదానంగా చెబుతాను. ఇలాంటి స్కోరింగ్ వ్యవస్థ పాత లోన్ల చరిత్ర చూసి నేర్చుకుంటుంది. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది దాని పాఠం. కానీ లోను దొరకనివాడు కట్టేవాడో కాదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆయనకు అవకాశమే రాలేదు. కౌలు రైతును కాదన్న ప్రతిసారీ, ఆ నిర్ణయం తప్పని చెప్పగలిగిన సాక్ష్యం పుట్టకుండానే పోతుంది. బయటి నుంచి చూస్తే లెక్క భేషుగ్గా ఉన్నట్టే ఉంటుంది, ఇచ్చిన లోన్లన్నీ తిరిగి వస్తున్నాయి కదా! తప్పు పట్టాలంటే పనిగట్టుకుని వెతకాలి. కాదన్న దరఖాస్తులను పక్కకు తీసి, అందులో కౌలు రైతులెందరో లెక్కేసి, కొందరికి లోను ఇచ్చి కడతారో లేదో చూడాలి. దీనికి ఖర్చవుతుంది. ఎవరూ అడగకపోతే ఏ బ్యాంకూ చేయదు. చట్టానికీ మార్గదర్శకానికీ తేడా సరిగ్గా ఇక్కడే వస్తుంది.

ఇలాంటి దరఖాస్తు గురించి యూరప్ చట్టం ఏం చెబుతుందో చూద్దాం. అక్కడి కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అది యంత్రాలను ముప్పును బట్టి విడదీస్తుంది. కొన్ని పనులు పూర్తిగా నిషేధం. కొన్ని అధిక ముప్పువి. మిగిలిన వాటిలో చాలావాటికి పెద్దగా షరతులు లేవు. మనిషి అప్పు తీర్చగలడో లేదో అంచనా వేసే వ్యవస్థ, చట్టం మూడో అనుబంధంలోని అధిక ముప్పు జాబితాలో ఉంది. అంటే తయారీదారు దాన్ని అమ్మకముందే శిక్షణ సమాచారంలో లోటుపాట్లు, పక్షపాతం ఉన్నాయేమో చూసి రాసిపెట్టాలి. అది పనిచేసేటప్పుడు ఏం జరిగిందో దానంతటదే నమోదయ్యేలా ఉండాలి. పైన మనిషి పర్యవేక్షణ ఉండాలి. ఈ బాధ్యతలు తప్పితే జరిమానా కోటిన్నర యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవరులో 3 శాతం దాకా. పెద్ద కంపెనీకి ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఇక 86వ అధికరణ ప్రకారం నిర్ణయం వల్ల దెబ్బతిన్న మనిషికి, ఆ నిర్ణయంలో యంత్రం పాత్ర ఏమిటో, ముఖ్యమైన అంశాలేమిటో స్పష్టంగా వివరణ అడిగే హక్కుంది. 2025 ఫిబ్రవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, తమ డేటా రక్షణ చట్టం కింద వచ్చిన ఒక క్రెడిట్ స్కోరు కేసులో, చిక్కు గణిత సూత్రం ఒకటి చేతిలో పెడితే అది వివరణ కిందికి రాదని తేల్చింది. మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. 2025 నవంబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కృత్రిమ మేధ పాలనకు మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలోని ఏడు సూత్రాలు అంతకుముందు ఆగస్టులో రిజర్వు బ్యాంకు కమిటీ ఇచ్చిన నివేదిక నుంచి తీసుకున్నవే. న్యాయం, జవాబుదారీ, అర్థమయ్యేలా ఉండటం, అన్నీ ఉన్నాయి. ఇప్పటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాలే సరిపోతాయన్నది వాటి మూల వైఖరి. దీన్ని నేను కొట్టిపారేయను. మా బ్యాంకులకు 2003 నుంచే రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది: లోను కాదంటే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. మొదట చిన్న లోన్లకే ఉండేది, తర్వాత అన్ని లోన్లకూ వర్తింపజేశారు. కాబట్టి మన కౌలు రైతు చేతిలో ఏమీ లేకపోలేదు.

కానీ ఆ నియమం రాసినప్పుడు కారణం మేనేజరు బుర్రలో ఉండేది. అడిగితే చెప్పగలిగేవాడు. ఇప్పుడు "మీ స్కోరు తక్కువ" అని రాసినా కారణం చెప్పినట్టే చెల్లిపోతోంది. యంత్రం నిర్ణయం అర్థమయ్యేలా ఉండాలని మార్గదర్శకం కోరుతుంది. అలా లేకపోతే ఏమిటన్నది అందులో లేదు. పోనీ బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామా అంటే, ఆ పథకంలోనే బ్యాంకు వాణిజ్య నిర్ణయాల మీద ఫిర్యాదు తీసుకోరని ఉంది. లోను ఇవ్వాలా వద్దా అన్నది వాణిజ్య నిర్ణయమే కదండీ.

మన కాలువల్లో దాళ్వాకు నీళ్లు తగ్గితే వంతులవారీ పెడతారు. ఎగువ రైతుకు శివారు రైతు మీద జాలి లేక కాదు, తూము మీద లస్కరు లేకపోతే తన చేను తడిసేదాకా ఎవరూ ముయ్యరు. నాకు చట్టం మీద మొగ్గు ఇలా వచ్చిందే.

అయితే యూరప్ చట్టాన్ని నేను నెత్తిన పెట్టుకోను. దాంట్లో మూడు గట్టి లోపాలు కనిపిస్తున్నాయి.

మొదటిది జాబితా. జాబితాలో ఉంటే అన్ని రక్షణలూ ఉంటాయి, లేకపోతే దాదాపు ఏమీ ఉండవు. అందులో బీమా అంటే జీవిత బీమా, ఆరోగ్య బీమా మాత్రమే. పంటల బీమా లేదు. మనకు తుపానొచ్చి చేను పడిపోతే గుండె ఆగేది పంటల బీమా దగ్గర. ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాలో కొంత వాటా ఉపగ్రహ చిత్రాల లెక్కకు ఇస్తున్నారు. ఒక ఊరి దిగుబడి ఎక్కువ వేస్తే ఆ ఊరంతటికీ పరిహారం తగ్గుతుంది. నీళ్లు నిలిచి పచ్చగానే ఉండి గింజ పాలు పట్టని చేను పైనుంచి బాగానే కనిపించవచ్చు. ఆ చట్టాన్ని తెలుగులోకి దించి ఉన్నదున్నట్టు పెడితే ఈ లెక్క దాని జాబితాలోనే పడదు. జాబితా రాసేవాళ్లు ఎవరి నష్టాలు చూసి రాశారన్నది అంత ముఖ్యం.

రెండోది, పరీక్ష చేసేది ఎవరు? లోను స్కోరింగ్ విషయంలో తయారీదారు తానే తనిఖీ చేసుకుని, అంతా సరిగ్గా ఉందని తానే ప్రకటించుకుంటే సరిపోతుంది. బయటి సంస్థ పరీక్ష తప్పనిసరి కాదు. అధికారులు తర్వాత వచ్చి కాగితాలు చూడవచ్చు, అంతే.

మూడోది వేగం. ఆ చట్టం ముసాయిదా 2021 ఏప్రిల్‌లో వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చేసరికి అలాంటి నమూనాల కోసం చట్టంలో మళ్లీ కొత్త అధ్యాయం చేర్చాల్సి వచ్చింది. అధిక ముప్పు నియమాలు 2026 ఆగస్టు నుంచి అని రాసుకున్నారు. కావలసిన సాంకేతిక ప్రమాణాలు సిద్ధం కాక, గడువు పెంచాలని 2025 నవంబరులో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది. దీని పక్కన మన అనుభవం పెట్టి చూడండి. 2024 మార్చి 1న మన ఐటీ శాఖ, సరిగ్గా పరీక్షించని నమూనాలు విడుదల చేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలని సలహాపత్రం ఇచ్చింది. గగ్గోలు పుట్టింది. రెండు వారాల్లో ఆ షరతు తీసేసింది. తప్పనిపిస్తే పదిహేను రోజుల్లో దిద్దుకోవడం మార్గదర్శకానికే కుదురుతుంది. మంచి షరతునైనా అంతే తేలిగ్గా తీసేయొచ్చన్నది దాని రెండో ముఖం.

మనిషి పర్యవేక్షణ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చట్టమైనా మార్గదర్శకమైనా రెండూ దాని మీదే భారం వేస్తున్నాయి. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో స్కోరు కార్డు పెట్టారు. స్కోరు ఒప్పుకుంటే ఒక సంతకం చాలు. కాదని లోను ఇవ్వాలంటే రెండు పేజీల కారణాలు రాయాలి, రేపు ఆ లోను మొండిబాకీ అయితే సంజాయిషీ మనదే. ఏడాదిలో నేను స్కోరును కాదన్నవి నాలుగో ఐదో. నాకు ఎదురుగా కూర్చున్న రైతు నిజాయితీపరుడని తెలిసీ, లోను వద్దన్న స్కోరుకే సంతకం పెట్టిన రోజులున్నాయి. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. పర్యవేక్షించే మనిషి ఉంటే చాలదు. కాదనడానికీ అవుననడానికీ ఒకే శ్రమ, ఒకే జవాబుదారీ ఉండాలని నియమంలో రాయాలి.

నా అభిప్రాయం దాచుకోను. లోను, రేషను, పంటల బీమా, ఈ మూడింటి దగ్గర చట్టమే కావాలి, జాబితా మన ఊళ్ల నష్టాలు చూసి రాసింది కావాలి. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో చెప్పే యాప్‌కు, వరికి తెగులు గుర్తుపట్టే యాప్‌కు మార్గదర్శకాలు చాలు. అవి తప్పు చెబితే రైతు చెరువు చూసుకుని, చేను చూసుకుని పట్టుకోగలడు. స్కోరులో తప్పు పట్టుకోవడానికి ఆయనకు దారే లేదు.

ఆ కౌలు రైతు తరఫున మేము బ్యాంకుకు ఉత్తరం రాశాం. లోను కాదన్న ముఖ్య కారణాలు రాతపూర్వకంగా తెలపండి, అని. మూడు వారాలకు జవాబొచ్చింది: క్రెడిట్ స్కోరు ప్రమాణానికి తక్కువ. మళ్లీ రాశాం. ఏ రికార్డులు చూశారు, భూమి పేరు మీద లేకపోవడం లెక్కలోకి వచ్చిందా, ఈ నిర్ణయాన్ని మనిషెవరైనా చూశారా, అని మూడే ప్రశ్నలు. దానికి జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నారు ముదిరిపోతుందని ఆయన మిల్లు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎనభై వేలు తెచ్చుకుని నాట్లు వేశాడు. ఐదు నెలలకు వడ్డీ ఎనిమిది వేలు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఏడు శాతానికి దొరికి ఉంటే రెండు వేల మూడొందల చిల్లర అయ్యేది.