పదివేల వరుసల గడి: క్లౌడ్ ఫైర్‌వాల్‌లో ఐపీ జాబితాల లెక్క

సభకు నమస్కారం. క్లౌడ్‌లో నడిచే వెబ్‌సైట్లకు రక్షణగా పెట్టే అప్లికేషన్ ఫైర్‌వాల్‌లో ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి అన్నది ఐపీ చిరునామాల జాబితాలతో నిర్ణయించే పద్ధతి గురించి ఈ పూట మాట్లాడతాను. అన్ని క్లౌడ్‌లనూ కలిపి చెబితే ఏదీ తేలదు కనుక, మనలో ఎక్కువమంది చేతిలో ఉన్న ఏడబ్ల్యూఎస్ వాఫ్‌నే తీసుకుంటాను. అందులో ఇలాంటి జాబితాను ఐపీ సెట్ అంటారు. ఒక ఐపీ సెట్‌లో గరిష్ఠంగా 10,000 పద్దులు పడతాయి. చాలామందికి ఈ హద్దు ఒకటి ఉందని తెలిసేదే, రాత్రిపూట తనంతట తాను నడిచే స్క్రిప్టు `WAFLimitsExceededException` అని ఆగిపోయిన రోజున.

ముందుగా ఆ పదివేలు దేని లెక్కో చూద్దాం. అది చిరునామాల లెక్క కాదు, పద్దుల లెక్క. ప్రతి పద్దునూ సీఐడీఆర్ రూపంలోనే రాయాలి. ఒకే చిరునామా అయితే చివర `/32` పెట్టాలి. 256 చిరునామాల గుంపు అయితే `/24` అని రాస్తే సరిపోతుంది, రెండూ ఒక్కో పద్దుగానే లెక్కకు వస్తాయి. `/0` ఒక్కదాన్ని తప్ప మిగిలిన అన్ని పరిమాణాలనూ సెట్ అంగీకరిస్తుంది. ఒక సెట్‌లో ఐపీవీ4 అయినా ఉండాలి, ఐపీవీ6 అయినా ఉండాలి. రెండూ కలిసి ఉండవు, సెట్‌ను సృష్టించిన తరువాత ఆ ఎంపిక మారదు. మన దగ్గర మొబైల్ నెట్‌వర్కుల నుంచి వచ్చే రద్దీలో ఐపీవీ6 వాటా పెద్దది కాబట్టి, ఐపీవీ4 సెట్ ఒక్కటే పెట్టుకుని ఊరుకున్నవారి తలుపు సగం తెరిచే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడొక ఉదాహరణను పూర్తిగా నడిపి చూద్దాం. పరీక్షా ఫలితాలు ప్రకటించే సైట్ ఒకటి ఉందనుకోండి. నిరోధించవలసిన చిరునామాల జాబితా దానికి రోజూ బయటినుంచి వస్తుంది. అందులో 27,000 ఐపీవీ4 వరుసలు, 1,500 ఐపీవీ6 వరుసలు ఉన్నాయి. ఐపీవీ6 వరుసలకు ఒక్క సెట్ చాలు. చిక్కంతా 27,000 దగ్గరే.

మొదట చేయవలసింది కుదింపు. పక్కపక్కన ఉన్న చిరునామాలను ఒకే పెద్ద పద్దుగా కలపవచ్చు. పైథాన్‌లో `ipaddress.collapse_addresses` ఆ పని చేస్తుంది, అసలు జాబితాలో లేని చిరునామాను ఒక్కదాన్నీ కొత్తగా చేర్చదు. అయితే దీని మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. పదహారు చిరునామాలు వరుసగా ఉన్నంత మాత్రాన అవి ఒక `/28` కావు, మొదలు కూడా పదహారు గుణిజం మీద పడాలి. ఉదాహరణకు 203.0.113.16 నుంచి 203.0.113.31 వరకు ఉన్న పదహారూ ఒకే పద్దులో ఇముడుతాయి. అదే 203.0.113.10 నుంచి 203.0.113.25 వరకు ఉన్న పదహారు నాలుగు పద్దులవుతాయి:

```
203.0.113.10/31
203.0.113.12/30
203.0.113.16/29
203.0.113.24/31
```

పైగా దాడి చేసే యంత్రాలు చాలావరకు ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. మన 27,000 వరుసలు కుదించాక 21,000 అయ్యాయనుకుందాం. ఇంకా రెండు సెట్లలో పట్టవు. ఇక్కడ కొందరు చేసే పని ఏమిటంటే, కుదరని చిరునామాలన్నింటినీ వాటి `/24`లకు గుండ్రంగా పెంచేయడం. జాబితా చిన్నదవుతుంది నిజమే, కానీ ఒక్క దోషి కోసం మరో 255 చిరునామాలను బయట నిలబెట్టినట్టవుతుంది. ఆ బ్లాకు ఏ మొబైల్ కంపెనీదో అయితే, వందలాది చందాదారులు ఒకే ఐపీవీ4 చిరునామాను పంచుకునే ఏర్పాటు అక్కడ నడుస్తూ ఉంటుంది కనుక, ఫలితాల ఉదయాన ఎంతమంది విద్యార్థులకు 403 కనిపిస్తుందో ఊహించడం కష్టం. హద్దుకు సరిపడేలా పద్దులను పెద్దచేసి జాబితాను చిన్నది చేయడం నా దృష్టిలో తప్పు దారి.

సరైన దారి సెట్లను పెంచడం. మూడు సెట్లలో పట్టేదే కానీ పెరుగుదలకు చోటుండాలి కాబట్టి నాలుగు తీసుకుందాం. నాలుగింటినీ ఒకే నియమంలో `OrStatement` కింద పెట్టాలి. వాఫ్‌లో ప్రతి నియమానికీ సామర్థ్య యూనిట్ల ఖర్చు ఉంటుంది, ఐపీ సెట్ పోలికకు మామూలుగా ఒక్క యూనిటే పడుతుంది. నాలుగు సెట్లకు నాలుగు. సైట్‌కు పెట్టే నియమాలన్నింటినీ కలిపి ఉంచే వెబ్ ఏసీఎల్‌కు మామూలు ధరలో వచ్చే 1,500 యూనిట్ల పక్కన ఇది లెక్కలోకే రాదు. నిజంగా తగిలే హద్దు వేరే ఉంది: ఒక వెబ్ ఏసీఎల్ నుంచి ఐపీ సెట్లు, రెజెక్స్ సెట్లు, నియమాల గుంపులు అన్నీ కలిపి 50 వరకే ప్రస్తావించవచ్చు. మన ఐపీవీ4 సెట్లు నాలుగు, ఐపీవీ6 సెట్ ఒకటి, మొత్తం ఐదు ఖర్చయ్యాయి. గూగుల్ క్లౌడ్ ఆర్మర్‌లో మామూలు నియమం ఒక్కటి పది ఐపీ శ్రేణులనే పట్టుకుంటుందని తెలిసినవారికి ఇది విశాలంగానే కనిపిస్తుంది.

చిరునామాలను నాలుగు సెట్లలోకి ఎలా పంచాలన్న దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అందరికీ వెంటనే తోచేది జాబితాను క్రమంలో పెట్టి సమానంగా నాలుగు ముక్కలు చేయడం. మరునాడు జాబితా మొదట్లో పది కొత్త చిరునామాలు చేరితే, ప్రతి సెట్ చివర ఉన్నవి తరువాతి సెట్‌లోకి జరుగుతాయి. నాలుగు సెట్లనూ ఒకే క్షణంలో మార్చే ఆదేశం లేదు. ఒకదాని తరువాత ఒకటి మార్చాలి, ఆ మార్పు అన్నిచోట్లకూ పాకడానికి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ నడిమి వేళ జరిగిన చిరునామా పాత సెట్ నుంచి తొలగి, కొత్త సెట్‌లో ఇంకా చేరకుండా ఉంటుంది. కనుక ప్రతి చిరునామాకూ ఎప్పటికీ మారని ఇల్లు ఒకటి ఉండాలి. సులువైన సూత్రం ఏమిటంటే, సెట్లకు 0 నుంచి 3 వరకు నంబర్లు ఇచ్చి, చిరునామాలోని రెండో సంఖ్యను నాలుగుతో భాగించి శేషం ఎంత వస్తే ఆ నంబరు సెట్‌లో పెట్టడం. 198.51.100.7 అయితే 51కి శేషం 3, కాబట్టి అది ఎప్పుడూ మూడో నంబరు సెట్‌దే. ఈ సూత్రం నిలవాలంటే కుదింపు కూడా ఒక్కో `/16` లోపలే జరగాలి, దాన్ని దాటి కలపకూడదు. `/16` కన్నా పెద్ద శ్రేణి ఏదైనా బయటి జాబితాలో వస్తే దాన్ని స్క్రిప్టు పక్కన పెట్టాలి, మనిషి చూసిన తరువాతే చేర్చాలి. అంత పెద్ద శ్రేణి పొరపాటున వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ.

ఈ పంపిణీ సరిగ్గా సమానంగా ఉండదు. ఒక్కో సెట్ సగటున ఐదువేల పైచిలుకు నిండుతుంది, ఒకటి రెండు ముందుకు పోతాయి. అందుకే రోజూ నిండుదలను కొలవాలి:

```
aws wafv2 get-ip-set --scope REGIONAL \
  --name block-v4-3 --id $ID \
  --query 'length(IPSet.Addresses)'
```

క్లౌడ్‌ఫ్రంట్ ముందున్న వాఫ్ అయితే `--scope CLOUDFRONT` అని ఇచ్చి `us-east-1` ప్రాంతంలో నడపాలి. అలా చేయకుండా సెట్ మాయమైందని కంగారు పడేవారు ఇప్పటికీ ఉన్నారు. సంఖ్య ఎనిమిది వేలు దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవడం నా అలవాటు.

ఇదే కొలత మరో ప్రమాదాన్నీ పట్టిస్తుంది. `update-ip-set` అనే ఆదేశం పేరు చూసి, ఇచ్చిన చిరునామాలను ఉన్నవాటికి కలుపుతుందని అనుకుంటారు. అది కలపదు; పాత జాబితా మొత్తాన్ని తీసేసి ఇచ్చినదాన్నే ఉంచుతుంది. కొత్తగా దొరికిన మూడు చిరునామాలను మాత్రమే పంపిన స్క్రిప్టు, ఐదువేల పద్దుల సెట్‌ను మూడు పద్దుల సెట్‌గా మార్చి, తప్పేమీ జరగనట్టే ముగుస్తుంది. బయటికి కనిపించే గుర్తు ఒక్కటే: క్లౌడ్‌వాచ్‌లో ఆ నియమం `BlockedRequests` గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది. కాబట్టి పాతదాన్ని చదవాలి, మార్చాలి, మొత్తాన్నీ తిరిగి రాయాలి. చదివినప్పుడు వచ్చే `LockToken`ను రాసేటప్పుడు వెంట పంపాలి. మధ్యలో ఇంకొకరు అదే సెట్‌ను మార్చి ఉంటే `WAFOptimisticLockException` వస్తుంది. అప్పుడు కొత్త టోకెన్ మాత్రం తెచ్చుకుని పాత జాబితానే మళ్లీ పంపితే అవతలివారి మార్పు చెరిగిపోతుంది. జాబితాను కూడా మళ్లీ చదవాలి.

అనుమతి జాబితా సంగతి వేరు. అక్కడ పదివేల హద్దు ఎవరికీ అడ్డు రాదు, వస్తే ఆ జాబితాలోనే ఏదో లోపం ఉందని అర్థం. వాఫ్ నియమాలను ప్రాధాన్య సంఖ్య చిన్నదాని నుంచి పరిశీలిస్తుంది, `Allow` తగిలిన దగ్గర పరిశీలన ముగుస్తుంది. అంటే అనుమతి నియమం పైన ఉంటే, ఆ చిరునామా నుంచి వచ్చే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కూడా తనిఖీ లేకుండా లోపలికి పోతుంది. కార్యాలయం నుంచి వచ్చేవారికి రేటు పరిమితి తగలకూడదన్నదే ఉద్దేశమైతే, వారిని మొత్తంగా అనుమతించనక్కరలేదు. రేటు నియమం పరిధిలోనే `NotStatement` పెట్టి ఆ ఐపీ సెట్‌ను మినహాయిస్తే మిగతా తనిఖీలన్నీ అలాగే ఉంటాయి.

మీ సైట్ ముందు వేరే కంపెనీ సీడీఎన్ ఉంటే, వాఫ్‌కు కనిపించే చిరునామా ఆ సీడీఎన్‌ది. అప్పుడు `X-Forwarded-For` హెడర్ నుంచి చిరునామా తీసుకోమని చెప్పవచ్చు. హెడర్‌లోని ఏ స్థానంలో ఉన్నా చూడమంటే ఆ పోలికకు ఒక యూనిట్ బదులు ఐదు పడతాయి. నిరోధానికి ఇది పనికొస్తుంది. అనుమతికి మాత్రం హెడర్‌లోని మొదటి చిరునామాను ఆధారం చేసుకోవద్దు, దాన్ని పంపేవాడు తనకు నచ్చినట్టు రాసి పంపగలడు.

చివరగా, ఐపీ సెట్‌లోని పద్దుకు తేదీ ఉండదు, కారణం రాసుకునే చోటు ఉండదు. వర్ణన ఉండేది సెట్ మొత్తానికే. కాబట్టి ఏ చిరునామా ఎప్పుడు, ఎందుకు చేరింది, ఎప్పుడు పోవాలి అన్న పట్టిక బయట మీ డేటాబేస్‌లో ఉండాలి, సెట్‌ను రోజూ ఆ పట్టిక నుంచే తయారుచేయాలి. మన ఉదాహరణలో ప్రతి చిరునామాకూ ముప్పై రోజుల గడువు పెట్టి, ఆలోపు మళ్లీ జాబితాలో కనిపించినదానికే పొడిగింపు ఇస్తే, నాలుగు సెట్లూ ఏ నెలకు ఆ నెల తేలికపడుతూ ఉంటాయి. గడువు తొలిసారి అమలు చేసేటప్పుడు తొలగించబోయేవాటిని వేరే సెట్‌లో పెట్టి, దాని నియమాన్ని కొన్నాళ్లు `Count`లో నడపండి; ఆ నియమం `CountedRequests` సున్నా దగ్గరే ఉంటే తీసేయండి, లేకపోతే సాంపిల్ రిక్వెస్టులు తెరిచి ఇంకా ఎవరు వస్తున్నారో చూడండి.