బ్యాటరీ 4 వోల్టులు ఉంటే ఏడీసీ 1.8 అని ఎందుకు చూపిస్తోంది?

[స్క్రీన్: బ్యాటరీ, రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్లు, మధ్య బిందువు నుంచి ఏడీసీ పిన్‌కి వైరు]

బ్యాటరీ 4 వోల్టులు, డివైడర్ దాన్ని సగం చేస్తుంది కాబట్టి పిన్ దగ్గర 2 వోల్టులు రావాలి. మీటర్ పెట్టి చూస్తే సుమారు 1.9 వస్తుంది, ఆ కాస్త తగ్గుదల మీటర్ లోపలి 10 మెగాఓమ్‌ల వల్లే. ఏడీసీ మాత్రం 0.9 అంటోంది! కోడ్‌లో దాన్ని రెట్టింపు చేస్తే బ్యాటరీ 1.8 వోల్టులని తేలుతుంది. ఇలాంటప్పుడు చాలామంది కోడ్‌లో తప్పు వెతుకుతారు, కానీ తప్పు అక్కడ లేదు.

[స్క్రీన్: పిన్ లోపల ఒక స్విచ్, చిన్న కెపాసిటర్]

పిన్ లోపల ఒక స్విచ్, దాని వెనక చిన్న కెపాసిటర్ ఉంటాయి, మన ఉదాహరణలో 10 పికోఫారడ్ అనుకుందాం. స్విచ్ మూసుకున్నంతసేపూ కెపాసిటర్ నిండుతుంది, తెరుచుకోగానే అప్పటికి ఎంత నిండిందో అంతే నిలబడుతుంది, ఏడీసీ కొలిచేది ఆ నిలిచిన వోల్టేజీనే తప్ప మీ పిన్‌ని కాదు.

నింపే కరెంటు రావాల్సింది డివైడర్ గుండానే. రెండు 1 మెగాఓమ్‌లూ ప్యారలల్‌లో ఉన్నట్టే లెక్క, అంటే 500 కిలోఓమ్‌లు. స్విచ్ సొంత రెసిస్టెన్స్ దీని ముందు లెక్కలోకి రాదు. 500 కిలోఓమ్‌లు, 10 పికోఫారడ్‌లు గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ 5 మైక్రోసెకన్లు.

స్విచ్ మూసుకుని ఉండే సమయం, అంటే శాంప్లింగ్ టైమ్, 3 మైక్రోసెకన్లు పెట్టారనుకోండి. అంతకుముందు ఇదే కెపాసిటర్‌తో చదివిన ఛానెల్ గ్రౌండ్‌లో ఉంటే కెపాసిటర్ సున్నా నుంచి బయలుదేరి, ఆ 3 మైక్రోసెకన్లలో 45 శాతమే నిండుతుంది. 2 వోల్టులలో 45 శాతం, అదే ఆ 0.9.

[స్క్రీన్: t = RC × ln(2^(N+1))]

12 బిట్ల ఏడీసీలో లోపం సగం ఎల్‌ఎస్‌బీకి దిగాలంటే, కెపాసిటర్ మొత్తం స్కేలు దూరం కదలాల్సి వచ్చినా సరిపోయేలా, టైమ్ కాన్‌స్టంట్‌కి 9 రెట్లు ఆగాలి: 45 మైక్రోసెకన్లు. ఒక్కో బిట్ పెరిగినప్పుడల్లా 0.7 టైమ్ కాన్‌స్టంట్ అదనం.

మీ బోర్డులో జరిగేది ఇదేనా అని తెలుసుకోవడం తేలికే. శాంప్లింగ్ టైమ్ పెంచండి, రీడింగ్ మారితే ఇదే. ముందు చదివే ఛానెల్ వోల్టేజీ మార్చినప్పుడు ఈ ఛానెల్ రీడింగ్ కూడా కదిలితే ఇక అనుమానమే అక్కర్లేదు, కెపాసిటర్‌లో పాత వోల్టేజీ మిగిలిపోతోంది.

[స్క్రీన్: పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 100 నానోఫారడ్]

శాంప్లింగ్ టైమ్ అంత పెంచే వీలు లేకపోతే పిన్ దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. లోపలి దానికంటే ఇది 10,000 రెట్లు పెద్దది, తనలోంచి చిటికెడు చార్జ్ ఇచ్చేసినా దీని వోల్టేజీ సగం ఎల్‌ఎస్‌బీ కూడా తగ్గదు. కాకపోతే ఆ ఇచ్చినదాన్ని మళ్లీ పూడ్చాల్సింది అదే 500 కిలోఓమ్‌లు, ఇక్కడ టైమ్ కాన్‌స్టంట్ 50 మిల్లీసెకన్లు! సెకనుకి 10 సార్లు చదివితే ఇబ్బంది లేదు. 1000 సార్లు చదివితే మాత్రం పూడేలోపే మళ్లీ తోడేస్తుంటాం, ప్రతిసారీ లోపలి కెపాసిటర్ మొత్తం స్కేలు కదలాల్సి వస్తే సగటున 0.5 శాతం, అంటే 20 ఎల్‌ఎస్‌బీల దాకా తేడా వస్తుంది. అంత వేగం నిజంగా కావాలంటే డివైడర్‌కీ పిన్‌కీ మధ్య ఆప్-ఆంప్ బఫర్ పెట్టాల్సిందే.