'ఎందుకు' అని అడిగినంత మాత్రాన విశ్లేషణ కాదు

అయ్యవార్లకు, తిరుపతి చుట్టుపక్కల బళ్ల నుంచి వచ్చిన పదో తరగతి పిల్లలకు నమస్కారం. టైము తక్కువ, నేరుగా విషయానికొస్తాను.

1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం ఆలోచనను ఆరు మెట్లుగా విభజించింది. పరీక్షకు చదివేటప్పుడు పాత పేపర్లలోని ప్రశ్నలను వేరు చేసుకోవడానికి మనకు మూడు చాలు: జ్ఞాపకం, అన్వయం, విశ్లేషణ. నా బాధల్లా ఒకటే. 'నిర్వచించండి' అంటే జ్ఞాపకం, 'ఎందుకు' అంటే విశ్లేషణ అని ప్రశ్నలోని మాట చూసి గీత గీసేస్తున్నారు. అది తప్పు.

విద్యుత్తు పాఠమే తీసుకుందాం. 60 వాట్లు, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండూ 230 వోల్టులవి. వాటిని శ్రేణిలో కలిపి 230 వోల్టులకే తగిలిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? 60 అనేవాళ్లు చేతులెత్తండి. మంచిది, 60 వాట్లదే. ఎందుకో చెప్పగలిగినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి. చూశారా, ఎన్ని దిగిపోయాయో!

R = V²/P ప్రకారం 60 వాట్ల బల్బు నిరోధం సుమారు 882 ఓమ్‌లు, 100 వాట్లది 529. శ్రేణిలో కరెంటు రెండింటికీ ఒకటే కాబట్టి I²R ఎక్కువున్నదే ఎక్కువ వెలుగుతుంది. ఇక్కడ ఏ సూత్రం వాడాలో ప్రశ్న చెప్పలేదు, మనమే తేల్చుకున్నాం. కాబట్టి ఇది విశ్లేషణ. కానీ అయ్యవారు నిన్ననే బోర్డు మీద చేసి చూపించి ఉంటే, మీకిది జ్ఞాపకమే! ప్రశ్న మారలేదు, మెట్టు మారింది. అనుమానముంటే బల్బులను సమాంతరంగా మార్చి చూడండి. అప్పుడు 100 వాట్లదే ఎక్కువ వెలగాలి. మళ్లీ 60 అని రాస్తే, మొదటిది బట్టీ పట్టిందే.

అందుకే చదవడానికి ముందే వేరు చేయాలి. చదివాక చేస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, అన్నీ జ్ఞాపకంలోకే పోతాయి. ఒక పాఠానికి ఐదేళ్ల ప్రశ్నలు చీటీల మీద రాయండి. పెద్ద ప్రశ్నలో బిట్లుంటే ఒక్కో బిట్టుకు ఒక్కో చీటీ; మార్కులు ఎక్కువని విశ్లేషణ అనుకోవద్దు. జవాబు పుస్తకంలోనో నోట్సులోనో ఉన్నదున్నట్టు దొరుకుతుందా? 'జ్ఞా' అని రాయండి. దొరకదు, కానీ ఏ సూత్రం వాడాలో చూడగానే తెలుస్తుందా? 'అ'. దారి కూడా మీరే వెతకాలా? 'వి'. పక్కవాళ్లను కూడా విడిగా చేయమనండి. ఇద్దరికీ తేడా వచ్చిన చీటీల దగ్గర ఆగి మాట్లాడుకోండి.

'జ్ఞా' చీటీలకు పుస్తకం మూసి రాయండి, మూడు రోజులాగి మళ్లీ రాయండి. 'అ' చీటీల్లో అంకెలు మార్చండి, ఆంపియర్లను మిల్లీ ఆంపియర్లు చేయండి. ఎక్కువమంది జారేది ప్రమాణాల దగ్గరే. 'వి' చీటీకి లెక్క మొదలుపెట్టకుండా రెండు నిమిషాలు దారి మాత్రమే రాయండి: ఏది మారదు, ఏది మారుతుంది, ఏ సూత్రం, ఎందుకు. ఒకసారి చేసిన 'వి' చీటీ ఇక 'జ్ఞా' అయిపోయినట్టే. దాన్ని కొట్టేసి, పరిస్థితి మార్చి కొత్త చీటీ రాసుకోండి.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న పేపరు తిప్పండి, మూడో ప్రశ్నతో మొదలుపెడదాం.