పూర్తి చేయని ఖాతాకు ‘ఇప్పటికే నమోదైంది’ అన్న జవాబు

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. పోయిన నెల ఒక ఉద్యోగాల వెబ్‌సైటులో పేరు, ఈమెయిలు, పాస్‌వర్డు ఇచ్చాను. మెయిలు చూసుకొని లింకు నొక్కమన్న పేజీ వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ సంగతి అంతటితో వదిలేశాను. ఇప్పుడు మళ్ళీ నమోదు చేసుకోబోతే “Email already registered” అంటోంది. పోనీ లాగిన్ అవుదామంటే “Please verify your email” అని ఆపేస్తోంది. తెరవని ఖాతా నాకెలా వచ్చిందండీ?

నిపుణుడు: నమస్కారమమ్మా. మీరు మొదటి పేజీలో బటన్ నొక్కగానే సైటు తన డేటాబేసులో మీ ఈమెయిలును రాసేసుకొని, దాని పక్కన ‘ధ్రువీకరణ కాలేదు’ అన్న గుర్తు పెట్టుకుంది. ఒక ఈమెయిలుకు ఒకే ఖాతా ఉండాలన్నది అక్కడి నియమం. అయితే రెండోసారి వచ్చినప్పుడు ఆ ఈమెయిలు ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది తప్ప, ఖాతా పూర్తయిందా సగంలో ఆగిందా అన్నది పట్టించుకోదు. గడువు తీరేది మీకు పంపిన లింకుకే, ఖాతాకు కాదు. అలా మిగిలిపోయిన ఖాతాలను కొంతకాలానికి తుడిచేసే సైట్లూ ఉన్నాయి. ఆ ఏర్పాటు చేయకపోవడం నిర్మించినవారి అశ్రద్ధే అంటాను.

శ్రోత: మరి నేనిప్పుడు ఏం చేయాలి?

నిపుణుడు: లాగిన్ దగ్గర పాస్‌వర్డు తప్పు అనకుండా మెయిలు ధ్రువీకరించమంటోంది కాబట్టి, మీ పాస్‌వర్డు సరైనదే అయి ఉంటుంది. ఆ పేజీలోనే “Resend verification email” అని ఉందేమో చూడండి. రెండుమూడు సార్లు నొక్కితే చాలా సైట్లలో చివరిగా వచ్చిన లింకు ఒక్కటే పనిచేస్తుంది, పాతవి చెల్లవు. జీమెయిల్ అయితే వెతికే గడిలో `in:anywhere` అని కొట్టి, పక్కన సైటు పేరు రాస్తే స్పామ్, ట్రాష్ కూడా కలిపి చూపిస్తుంది.

శ్రోత: ఆ బటన్ ఎక్కడా కనబడలేదండీ.

నిపుణుడు: అయితే “Forgot password” నొక్కండి. ఆ మెయిలు తెరిచి కొత్త పాస్‌వర్డు పెట్టారంటే ఆ చిరునామా మీదేనని రుజువైనట్టే కనుక, కొన్ని సైట్లు అక్కడితోనే ఖాతాను ధ్రువీకరిస్తాయి.

శ్రోత: మెయిలు పంపామని తెర మీద చూపించి, రాకపోతేనో?

నిపుణుడు: ఎవరి ఖాతా ఉందో బయటివారికి తెలియకూడదని, ఖాతా ఉన్నా లేకున్నా అదే వాక్యం చూపించే సైట్లు చాలా ఉన్నాయి, కాబట్టి దాన్ని నమ్ముకొని కూర్చోకండి. ధ్రువీకరణ కాని ఖాతాకు ఆ మెయిలు పంపని సైట్లూ లేకపోలేదు.

శ్రోత: మా అబ్బాయేమో ఈమెయిలులో పేరు తర్వాత +1 చేర్చి కొత్త ఖాతా తెరవమంటున్నాడు.

నిపుణుడు: జీమెయిల్‌లో ఆ ఉత్తరాలు మీ పెట్టెకే వస్తాయి గానీ, ఉద్యోగమిచ్చేవారికి ఆ వింత చిరునామాయే కనబడుతుంది, పాత సగం ఖాతా అలాగే ఉండిపోతుంది. దానికన్నా అదే ఈమెయిలు నుంచి సైటు సహాయ విభాగానికి రాయండి. నమోదు మొదలుపెట్టిన తేదీ, తెర మీద వచ్చిన వాక్యం ఉన్నదున్నట్టు ఇచ్చి, ఖాతాను ధ్రువీకరించమనో, తొలగించమనో అడగండి. పాస్‌వర్డు మాత్రం అందులో రాయకండి. ఈ పనికి వారికి దానితో అవసరం లేదు.