ఎనభై శాతం ఒక్కరికే: బాలానగర్ యూనిట్లపై స్టూడియో చర్చ

ఒక పెద్ద కంపెనీ తన వెండర్లందరికీ మెయిల్ పంపింది. వచ్చే నెల నుంచి రేటు 5 శాతం తగ్గించాలట, బిల్లులు 90 రోజులకు చెల్లిస్తారట. దాని మీద జరిగిన చర్చలో ముఖ్యమైన భాగం ఇది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంతే రాశాం.

మోడరేటర్: సర్, మీకూ వచ్చిందా ఆ మెయిల్?

యూనిట్ యజమాని: వచ్చిందండీ, శుక్రవారం సాయంత్రం ఆరింటికి. మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. ఎనిమిది సీఎన్‌సీ మెషిన్లు, నెలకు 40 లక్షల అమ్మకం. అందులో 32 లక్షలు వాళ్లదే.

మోడరేటర్: అంటే ఎనభై శాతం! ఎక్స్‌పోర్ట్‌కి ఎందుకు వెళ్లలేదు మీరు?

యజమాని: ఎక్స్‌పోర్ట్ అంటే...

మాజీ పర్చేజ్ హెడ్: ఒక్క నిమిషం. ముప్పై ఏళ్లు పర్చేజ్‌లో చేశాను, నేను చెబుతాను. తప్పు వీళ్లదే. ఆర్డర్ నిండుగా ఉన్నన్నాళ్లు మార్కెటింగ్ మనిషిని పెట్టుకోరు. మేం రేటు తగ్గించమంటే అప్పుడు ఏడుపు. పెళ్లాం బిడ్డల్లా చూసుకోమంటే ఎలా? అది వ్యాపారం!

సీఏ: సర్, 90 రోజులన్నది వ్యాపారం కాదు, చట్ట విరుద్ధం. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, అగ్రిమెంట్ ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. పైగా గడువు దాటి బాకీ ఉన్న బిల్లును, కట్టేదాకా ఖర్చుగా ఒప్పుకోని ఆదాయపు పన్ను సెక్షన్ 43బి(హెచ్) వచ్చాక, అంటే 2024 ఏప్రిల్ నుంచి...

పర్చేజ్ హెడ్: (అడ్డొస్తూ) మేడమ్, ఆ వడ్డీ అడిగిన వెండర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

యజమాని: ఎవడు అడుగుతాడు సర్? కేసు వేసిన మర్నాడు ఆర్డర్ ఉండదు. 43బి(హెచ్) వచ్చాక, చిన్న పరిశ్రమగా చేయించుకున్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోమని నాకే చెప్పారు.

మోడరేటర్: ఇదో పెద్ద విషయం. కానీ నేను మళ్లీ ఎక్స్‌పోర్ట్ దగ్గరికి వస్తాను...

సీఏ: రండి, కానీ ముందు ఒక లెక్క చూద్దాం. ఈయనకు ఆ 32 లక్షల్లో మెటీరియల్ 14 లక్షలు పోతుంది. మిగిలేది 18. దాంతోనే జీతాలు, కరెంటు, మెషిన్ ఈఎంఐ. 5 శాతం రేటు తగ్గితే 32 మీద లక్షా అరవై వేలు పోతాయి. మెటీరియల్ ధర తగ్గదు కాబట్టి ఆ దెబ్బంతా 18 మీదే పడుతుంది. అంటే ఆయనకు కోత 5 కాదు, దాదాపు 9 శాతం.

పర్చేజ్ హెడ్: ఆ లెక్క మాకు తెలియకనా? కాస్ట్ బ్రేకప్ షీట్ అడిగేది అందుకే. ఆ షీట్ అడిగారంటేనే రేటు కోత వస్తోందని అర్థం. ఇంకోటి, మీ పార్టు డ్రాయింగ్ పక్క షాపులో కనిపించిందంటే రెండో వెండర్‌ని వెతుకుతున్నట్టు. వీళ్లు ఇవేవీ గమనించరు. నేనైతే రెండు నెలల్లో కొత్త వెండర్‌ని తెచ్చుకునేవాణ్ని.

(ఇక్కడ ఆయన తాను ఒకసారి కోయంబత్తూరు వెళ్లి వెండర్‌ని తెచ్చిన కథ మూడు నిమిషాలు చెప్పారు. అది వదిలేశాం.)

మోడరేటర్: అద్భుతం సర్. మరి బయట దేశాల్లో కూడా ఇలా జరిగిందా?

సీఏ: ఎందుకు జరగలేదు? ఇంగ్లండ్‌లో ఇమాజినేషన్ టెక్నాలజీస్ అని చిప్ డిజైన్ కంపెనీ. ఆదాయంలో సగం ఆపిల్ నుంచే వచ్చేది. 2017 ఏప్రిల్‌లో, రెండేళ్లలోపు వాళ్ల డిజైన్లు వాడటం ఆపేస్తామని ఆపిల్ చెప్పినట్టు ప్రకటించగానే, ఒక్క రోజులో షేరు సగానికి పైగా పడిపోయింది. ఆ ఏడాదే కంపెనీని అమ్ముకోవడానికి ఒప్పుకున్నారు.

మోడరేటర్: చూశారా, వాళ్లది ఎక్స్‌పోర్టే!

సీఏ: (నవ్వి) అవును, అయినా ఒక్కరికే. ఊరు మారితే చాలదని చెప్పడానికే ఈ ఉదాహరణ. సర్, మీ మిగతా 8 లక్షలు ఎవరివి?

యజమాని: ముగ్గురు కస్టమర్లు. అందులో ఇద్దరివి కలిపి 5 లక్షలు. (ఆగి) ఆ ఇద్దరూ మళ్లీ అదే కంపెనీకి సప్లై చేస్తారు.

సీఏ: అయితే 80 కాదు సర్, 40లో 37 లక్షలు. 92 శాతం పైనే.

పర్చేజ్ హెడ్: అదే నేను మొదటి నుంచీ చెబుతున్నది! కస్టమర్లను లెక్కపెడతారు, వాళ్ల వెనక ఎవరున్నారో చూడరు!

(మొదటి నుంచీ ఆయన ఆ మాట చెప్పలేదు.)

మోడరేటర్: మరి దారి?

పర్చేజ్ హెడ్: ఒక మెషిన్ పక్కన పెట్టాలి. కొత్త కస్టమర్ల కోసమే. అంతే!

యజమాని: నెలకు 400 గంటలు నడిచే మెషిన్ సర్ అది. పక్కన పెడితే నెలకు రెండున్నర లక్షలు పోతాయి. కొత్త పార్టు శాంపిల్ ఇచ్చి, కొలతల రిపోర్టు ఇచ్చి, ట్రయల్ లాట్ పాసయ్యేసరికి ఎనిమిది నెలలు పడుతుంది.

పర్చేజ్ హెడ్: పడుతుంది మరి. మా దగ్గర ఎనిమిది నెలలకు తక్కువ ఎప్పుడూ కాలేదు.

సీఏ: ఇందాక రెండు నెలలన్నారు కదా సర్?

పర్చేజ్ హెడ్: అది... అర్జెంటు అయితే. మేడమ్, మీరు ఫ్యాక్టరీ నడపలేదు!

సీఏ: నడపలేదు, పుస్తకాలు చూస్తాను. మెషిన్ మొత్తం ఖాళీ చేయనక్కర్లేదు. పెద్ద కస్టమర్ పనికి 2,800 గంటలు పోతున్నాయి. మెటీరియల్ తీసేశాక గంటకు దాదాపు 640 రూపాయలు. చిన్న కస్టమర్ల పనికి 400 గంటలు, మిగిలేది 4 లక్షలు. గంటకు వెయ్యి అనిపిస్తుంది. కానీ చిన్న లాట్లకు సెట్టింగ్ మార్చడానికి పోయే గంటలు ఎవరూ రాయరు. అవి ఇంకో వంద వేసుకుంటే 800. అయినా ఎక్కువే. ఇక ఆ 640 అన్నది సగటు. ఒక్కో పార్టుకు విడిగా చూస్తే ఒకటి 900 ఇస్తుంది, ఇంకోటి 350 కూడా ఇవ్వదు. రేటు తగ్గించమన్నప్పుడు ఆ అడుగున ఉన్న రెండు మూడు పార్టులు తగ్గించిన రేటుకు చేయలేమని చెప్పి, ఆ గంటలు కొత్తవాళ్లకు...

పర్చేజ్ హెడ్: అసంభవం! ఒక పార్టు వద్దంటే మొత్తం ఎత్తేస్తాం మేం!

యజమాని: పార్టును మెషిన్ మీద పట్టి ఉంచే ఫిక్చర్ మాదయితే కూడానా?

పర్చేజ్ హెడ్: (కాసేపు ఆగి) ఫిక్చర్ మీదయితే... లైన్ ఆగుతుందని కొంచెం ఆలోచిస్తాం. కానీ చాలామందికి ఫిక్చర్ కూడా మేమే డబ్బిచ్చి చేయిస్తాం, అది మా ఆస్తి. ఒక్క ట్రక్కు పంపితే చాలు.

మోడరేటర్: బీహార్, ఒడిశా నుంచి వచ్చే ఆపరేటర్ల సమస్య కూడా ఉంది కదా?

యజమాని: ఉందండీ, పండక్కి ఊరెళితే నెల దాకా రారు. కానీ ఇప్పుడు...

సీఏ: బ్యాంకు సంగతి ఒక్క మాట చెప్పనివ్వండి. సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ అప్పు లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చో చెప్పే డ్రాయింగ్ పవర్ లెక్కేసేటప్పుడు మామూలుగా 90 రోజులు దాటిన బిల్లులు తీసేస్తారు. ఆ కంపెనీ 90 రోజులకు ఇస్తామంటోంది. వారం ఆలస్యమైనా ఆ బిల్లు మీద బ్యాంకు పైసా ఇవ్వదు. పెద్ద కస్టమర్ డబ్బు ఆపినప్పుడే బ్యాంకూ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అందుకే కొత్త కస్టమర్‌ని వెతికే పని...

పర్చేజ్ హెడ్: ...ముందే మొదలుపెట్టాలి! అదే నేను అంటున్నది. ఒళ్లొంచాలి, తిరగాలి, అడగాలి. మా రోజుల్లో వెండర్లు...

మోడరేటర్: సార్ చెప్పినట్టు, సోమరితనం వదిలితే అవకాశాలు బోలెడు. ఎక్స్‌పోర్ట్ గురించి ప్రత్యేకంగా ఇంకో కార్యక్రమం చేద్దాం. సర్, ముగింపుగా మీరే ఒక మాట.

పర్చేజ్ హెడ్: ఒకటి కాదు, మూడు చెబుతాను. మొదటిది...

(సంగీతం. యజమాని మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.)

యజమాని: మేడమ్, ఆ అడుగు పార్టులు ఏవో ఎలా తెలుస్తాయి?

సీఏ: ఒక్కో పనికి రాసే జాబ్ కార్డులు ఉన్నాయా?

యజమాని: ఉన్నాయి. టైము మాత్రం ఎవడూ రాయడు.