ఇంటికొచ్చిన ఆక్సిజన్ సిలిండర్: ఫోటోలో రంగు, పంచింగ్, వాల్వ్ ఎలా చూడాలి

నమస్కారం అండీ. ఈ వీడియోలో ఒక్కటే పని, ఇంట్లో పేషెంట్ కోసం తెచ్చుకున్న సిలిండర్ ఫోటో చూసి అందులో ఉన్నది మెడికల్ ఆక్సిజనేనా, వాల్వ్ ఏ రకం, ఏ రెగ్యులేటర్ పడుతుంది అనేది చూద్దాం. వంటగ్యాస్ బండ గురించి ఈరోజు మాట్లాడట్లేదు, దాని మీద A-27 అని కనిపించే కోడ్ వేరే లెక్క, అది ఈ సిలిండర్ల మీద వెతక్కండి, దొరకదు.

వైజాగ్ గాజువాక నుంచి ఒకాయన మూడు ఫోటోలు పంపారు. వాళ్ళమ్మగారిని హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ చేశారు, ఇంట్లో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టర్ గారు. సిలిండర్ తెలిసినవాళ్ళ ద్వారా ఒకచోట దొరికింది, రెగ్యులేటర్ కొనడానికి కేజీహెచ్ దగ్గరున్న మెడికల్ షాపుకి వెళ్తే "పిన్ ఇండెక్సా, బుల్‌నోసా అండీ" అని అడిగారంట. ఈయనకి అర్థం కాక నాకు ఫోటోలు పెట్టారు. ఆయన్ని అడిగే ఇక్కడ చూపిస్తున్నా.

సరే, మొదటి ఫోటో స్క్రీన్ మీద ఉంది చూడండి. నడుం దాకా వచ్చే సిలిండర్, ఒళ్ళంతా నలుపు, పైన భుజం భాగం తెలుపు. మన దేశంలో మెడికల్ ఆక్సిజన్‌కి రంగు ఇదే, నల్ల బాడీ తెల్ల భుజం. పైనుంచి కిందదాకా మొత్తం నలుపే ఉండి తెలుపు లేదంటే అది వెల్డింగ్ వాళ్ళు వాడే ఇండస్ట్రియల్ ఆక్సిజన్. ఆటోనగర్‌లో గ్యాస్ కటింగ్ షాపుల ముందు నిలబెట్టి ఉంటాయి, దాని పక్కనే మెరూన్ రంగుది ఉంటే అది ఎసిటిలీన్, దాన్నే డీఏ అంటారు. బూడిద రంగు బాడీకి మెడ దగ్గర నలుపుంటే నైట్రోజన్. ఇప్పటికి ఈ నాలుగు చాలు.

మరి ఈ ఫోటోలో రంగు కరెక్టుగానే ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు. జూమ్ చేస్తున్నా, కింద అడుగు దగ్గర చూడండి, నేల మీద ఈడ్చినచోట నల్ల పెయింట్ ఊడింది, లోపల ఇనుము కనపడాలి కదా, కానీ బూడిద రంగు పొర కనిపిస్తోంది. అది ప్రైమర్ కూడా అయ్యుండొచ్చు, అందుకే ఇది ఒక్కటి చూసి నేనేం తేల్చను. కాకపోతే ఈ సిలిండర్ ముందు వేరే గ్యాస్‌ది అయ్యుండే ఛాన్స్ కూడా ఉంది. 2021లో కోవిడ్ సెకండ్ వేవ్‌లో సిలిండర్లు దొరక్క ఇండస్ట్రీలో వాడే నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లని మెడికల్ ఆక్సిజన్‌కి మార్చుకోడానికి ప్రభుత్వమే పర్మిషన్ ఇచ్చింది (అప్పుడే మన స్టీల్ ప్లాంట్ నుంచి మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి వెళ్ళింది, గుర్తుండే ఉంటుంది). పద్ధతిగా మార్చినవాటితో ఇబ్బంది లేదు, లోపల శుభ్రం చేసి, వాల్వ్ మార్చి, తర్వాతే రంగు వేస్తారు. భయం ఎక్కడంటే పైన రంగు మాత్రమే మార్చినవాటితో, ఎందుకంటే పెయింట్ డబ్బా ఎవరైనా కొంటారు.

అందుకే రంగు చూశాక నేరుగా రెండో ఫోటోకి, అంటే భుజం మీద పంచింగ్‌కి వెళ్ళాలి. ఇనుములోకి దిగేలా కొట్టిన అక్షరాలవి, పెయింట్‌తో పోవు. కాకపోతే మన వైజాగ్‌లో ఒక తంటా ఉంది, సముద్రపు గాలికి భుజం మీద తుప్పు తొందరగా పడుతుంది, దాని మీదే మళ్ళీ మళ్ళీ పెయింట్ వేస్తారు, దాంతో అక్షరాలు పూడిపోతాయి. ఎదురుగా ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే అంతా తెల్లగా వెలిగిపోయి ఏమీ కనపడదు. ఫ్లాష్ ఆపేసి, ఇంకో ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు సిలిండర్‌కి ఆనించి వేయండి, గుంటల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. అయినా రాకపోతే పొడి సుద్దముక్కని ఆ అక్షరాల మీద రుద్ది చేత్తో తుడవండి. నూనె, గ్రీజు, డబ్ల్యూడీ లాంటి స్ప్రేలు మాత్రం ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికే తీసుకురావద్దు, ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటుంది.

గాజువాక ఆయన చేత అలాగే మళ్ళీ ఫోటో తీయించాను, ఇదిగో. ఇక్కడ WP 150 అని ఉంది, అంటే నింపాల్సిన ప్రెషర్. దాని పక్కన TP 250, అది టెస్ట్ చేసేటప్పుడు పెట్టే ప్రెషర్. WC 10 అంటే లోపల పట్టే నీళ్ళు, 10 లీటర్లు, దీన్నే షాపుల్లో బీ టైప్ అంటారు. మనిషంత ఎత్తుండే జంబో సిలిండర్ డీ టైప్, దాని WC 46, 47 దగ్గర ఉంటుంది. ఇవన్నీ బానే ఉన్నాయి. ఇప్పుడు ఈ నంబర్ చూడండి, 06 గీత 17. అది హైడ్రో టెస్ట్, అంటే లోపల నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూసే టెస్ట్, చేసిన నెల, సంవత్సరం, ఇక్కడ 2017 జూన్. ఈ రకం సిలిండర్‌కి ఐదేళ్ళకోసారి టెస్ట్ చేయించాలి, అంటే 2022 జూన్‌తో గడువు అయిపోయింది, దాని తర్వాత కొత్త తేదీ ఎక్కడా కొట్టలేదు. తేదీలు ఒక్కోసారి భుజానికి ఇంకోవైపు కొడతారు, అందుకని చుట్టూ తిప్పి నాలుగు ఫోటోలు తీయించా, లేదు. పైగా గ్యాస్ పేరు ఉండాల్సినచోట, మామూలుగా O2 అని ఉంటుంది, అక్కడ గ్రైండర్‌తో గీసినట్టు నున్నగా ఉంది, పైన పెయింట్ మందంగా ఉంది. కట్టిన ట్యాగ్ గానీ, నింపిన ప్లాంట్ స్టిక్కర్ గానీ ఏవీ లేవు.

మూడో ఫోటో వాల్వ్. గ్యాస్ బయటికొచ్చే రంధ్రం గుండ్రంగా, లోపలి వైపు థ్రెడ్‌తో ఉంది చూశారా, ఇది బుల్‌నోస్. రెగ్యులేటర్‌కి ముందు గుండ్రని ముక్కు, దాని మీద నట్ ఉంటాయి, ఆ నట్ ఇందులోకి బిగుస్తుంది, కుడివైపు తిప్పితే బిగుస్తుంది. హైడ్రోజన్, ఎసిటిలీన్ లాంటి మండే గ్యాసులకి లెఫ్ట్ థ్రెడ్ పెడతారు, నట్ అంచుల మీద చిన్న గాట్లు కూడా ఉంటాయి, ఫోటోలో గాట్లు కనిపించాయంటే ఆక్సిజన్ కాదని వెంటనే అనేసుకోవచ్చు. మనదానికి గాట్లు లేవు. కానీ చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, రెగ్యులేటర్ బిగిసింది కాబట్టి ఆక్సిజనే అనుకుంటారు. నైట్రోజన్‌కీ ఆర్గాన్‌కీ కూడా ఇలాంటి రైట్ థ్రెడ్ బుల్‌నోస్ వాల్వులు వస్తాయి, ఆక్సిజన్ రెగ్యులేటర్ వాటికి కూడా శుభ్రంగా బిగుస్తుంది. గేజ్ 150 చూపిస్తుంది, హ్యుమిడిఫైయర్ బాటిల్లో బుడగలు వస్తాయి, అంతా బానే ఉన్నట్టుంటుంది. పేషెంట్ పీల్చేది మాత్రం నైట్రోజన్ అవుతుంది, వాసన రాదు, రంగుండదు, ఆయాసం పెరిగితే జబ్బు వల్లనుకుంటాం.

కింద బూడిద పొర, చెరిపేసిన గ్యాస్ గుర్తు, దాటిపోయిన టెస్ట్ తేదీ, లేబుల్ లేదు, వాల్వ్ చూస్తే మూడు గ్యాసుల్లో దేనికైనా సరిపోయేది. ఇందులో నైట్రోజన్ ఉందని నేను అనట్లేదు, ఫోటోలోంచి లోపలి గ్యాస్ ఎవరికీ కనపడదు. ఆక్సిజన్ అని నమ్మడానికి ఒక్క ఆధారం లేదు, అంతే, మనిషికి పెట్టకుండా ఆపడానికి నాకది చాలు. వాల్వ్ తెరవకుండా తిరిగి ఇచ్చేయండి బాబూ, లైసెన్సున్న మెడికల్ గ్యాస్ డీలర్ దగ్గర బిల్లుతో తీసుకోండి అని చెప్పాను, ఆయన అదే సాయంత్రం మార్చేశారు.

ఇది ఆయన మార్చి తెచ్చుకున్న రెండో సిలిండర్. భుజం మీద O2 ఉంది, టెస్ట్ తేదీ గడువులోనే ఉంది, ట్యాగ్ కట్టి ఉంది. వాల్వ్ మాత్రం వేరు. థ్రెడ్ లేదు, చదరంగా ఉన్న వాల్వ్ ముఖం మీద గ్యాస్ వచ్చే రంధ్రం, దాని కింద రెండు చిన్న గుంటలు. ఇదే పిన్ ఇండెక్స్. దీని రెగ్యులేటర్‌ని వాల్వ్ మీద నుంచి తొడుగుతారు, దానికున్న రెండు పిన్నులు ఈ రెండు గుంటల్లో కూర్చోవాలి, గ్యాస్ మారితే గుంటల చోటు మారుతుంది. ఒక వంపు మీద 1 నుంచి 6 దాకా స్థానాలనుకోండి, ఆక్సిజన్‌కి 2, 5. నంబర్లు గుర్తుండకపోయినా ఫోటోలో తేలిగ్గా పట్టుకోవచ్చు, మధ్యలో నిలువుగా గీత గీస్తే ఆక్సిజన్ గుంటలు రెండూ ఆ గీతకి సమాన దూరంలో ఉంటాయి. నైట్రస్ ఆక్సైడ్‌కి 3, 5, మెడికల్ ఎయిర్‌కి 1, 5, ఆ రెండూ ఒకవైపుకి ఒరిగినట్టు కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌కి 1, 6 కూడా ఉంది, అదీ సమానంగానే ఉంటుంది గానీ రెండు చివర్లకీ జరిగి ఉంటుంది. అందుకే వాల్వ్ ఫోటో పక్కనుంచి కాకుండా తిన్నగా ఎదురుగా తీయండి.

ఈ రెగ్యులేటర్ బిగించేటప్పుడు మధ్యలో చిన్న సీల్ వాషర్ వస్తుంది, అది ఒక్కటే ఉండాలి. పాతది వాల్వ్‌కే అతుక్కుని ఉండిపోతుంది, చూసుకోకుండా దాని మీద కొత్తది పెడతారు, లేదా లీకవుతోందని కావాలనే రెండు పెడతారు. రెండు పెడితే ఆ మందానికి పిన్నులు గుంటల్లోకి పూర్తిగా దిగవు, అప్పుడు తప్పు గ్యాస్ సిలిండర్‌కి కూడా రెగ్యులేటర్ పట్టేస్తుంది, పిన్నులు పెట్టిన ప్రయోజనమే పోతుంది. అలాగే పిన్ అరిగిపోయినా విరిగిపోయినా ఆ రెగ్యులేటర్ వాడొద్దు.

ఇక పంచింగ్‌లో చూసిన WC ఇక్కడ పనికొస్తుంది. WC ని గేజ్ బార్‌లో గానీ కేజీ/సెం.మీ² లో గానీ చూపించే ప్రెషర్‌తో గుణిస్తే లోపలున్న గ్యాస్ సుమారుగా ఎన్ని లీటర్లో వస్తుంది. 10 లీటర్ల సిలిండర్, గేజ్ 150, అంటే 1500 లీటర్లు. వాళ్ళమ్మగారికి నిమిషానికి 2 లీటర్లు, అంటే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. రాత్రి పదింటికి గేజ్ 40 దగ్గరుంటే 400 లీటర్లే ఉన్నట్టు, 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు, ఒంటిగంట ఇరవైకి అయిపోతుంది. గేజ్ కూడా కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి చివరి అరగంట లెక్కలో వేసుకోకండి, పన్నెండున్నరకల్లా రెండో సిలిండర్ మార్చేయండి, డీలర్‌కి మాత్రం పగలే ఫోన్ చేసి పెట్టుకోండి.