గోంగూర పప్పు ఫొటోలో బురదలా ఎందుకు కనిపిస్తుంది?

యాంకర్: నమస్కారం. ఫోన్‌తో వంటల ఫొటోలు తీయడం గురించి మాట్లాడటానికి ఇవాళ ఒక ఫుడ్ ఫొటోగ్రాఫర్, ఇంట్లో వండి ఆర్డర్ల మీద పంపే ఒక గృహిణి వచ్చారు. మేడం, ముందు మీ గొడవేంటో చెప్పండి.

గృహిణి: గోంగూర పప్పు ఫొటో గ్రూపులో పెట్టానండి. మా ఆడపడుచు చూసి "ఏంటొదినా, మాడిందా?" అంది. నెయ్యి కూడా వేసి తీశాను!

ఫొటోగ్రాఫర్: ఎక్కడ పెట్టి తీశారమ్మా?

గృహిణి: గ్యాస్ గట్టు మీదే. కిటికీ నా వెనక ఉంది, ట్యూబ్‌లైటు కూడా వేశాను.

ఫొటోగ్రాఫర్: రెండూ ఇబ్బందే. పగటి వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటు ఇంకో రంగు. రెండూ కలిస్తే ఫోన్ దేనికి సరిచేయాలో తేల్చుకోలేదు. లైటు ఆపేయండి. ఇక కిటికీ వెనకుంటే మీ నీడే గిన్నె మీద పడుతుంది, నెయ్యి మెరుపూ మీ వైపు రాదు. గిన్నెను కిటికీకీ మీకూ మధ్య పెట్టండి, కిటికీ కాస్త పక్కకి ఉండేలా. అప్పుడు వెలుగు నెయ్యి మీద తగిలి మీ కంట్లోకి వస్తుంది. అదే ఆ మెరుపు.

గృహిణి: మరి గిన్నెకి నా వైపు చీకటైపోదా?

ఫొటోగ్రాఫర్: అవుతుంది. అక్కడ ఒక తెల్ల కాగితం నిలబెట్టండి, థర్మాకోల్ ముక్కైనా సరే. వెలుగు దాని మీద పడి గిన్నె వైపు తిరుగుతుంది. నేరుగా ఎండ పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. ముదురు రంగు పప్పుని చూసి ఫోన్ తనంతట తానే వెలుతురు పెంచుతుంది, దాంతో తెల్లన్నం సున్నంలా పాలిపోతుంది. ఫోన్ స్క్రీన్‌లో కనబడే అన్నం మీద వేలు పెట్టి కొంచెం కిందికి జరపండి, వెలుతురు తగ్గుతుంది.

యాంకర్: పైనుంచి తీస్తే బాగుంటుందంటారు కదా?

ఫొటోగ్రాఫర్: అందరూ అదే పట్టుకున్నారు! పెసరట్టు పైనుంచి బాగుంటుంది, ఎందుకంటే అది పరుచుకున్న వంటకం. పప్పు గిన్నెను పైనుంచి తీస్తే లోతు పోయి రంగు పూసిన బిళ్లలా ఉంటుంది. మీరు పీట మీద కూర్చుని తినేటప్పుడు ఎలా కనబడుతుందో అంత ఎత్తు నుంచి తీయండి. ఇడ్లీల దొంతర, గాజు గ్లాసులో మజ్జిగ అయితే ఫోన్‌ని బల్ల దాకా దించాలి. ఇంకోటి, ఫోన్‌ని దగ్గరగా పెడితే గిన్నె అంచు ఉబ్బుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి 2x జూమ్‌లో తీయండి.

యాంకర్: హోటల్లో ఇవన్నీ కుదరవు కదండీ?

ఫొటోగ్రాఫర్: మధ్యాహ్నం వెళ్లి కిటికీ పక్క బల్ల అడగండి, మెనూ కార్డు తెల్లగా ఉంటే అదే మీ థర్మాకోల్. రాత్రి పసుపు బల్బుల కింద నేనైతే తీయను, తినేస్తాను.

గృహిణి: ఆవిరి మాత్రం నాకెప్పుడూ పడలేదండి.

ఫొటోగ్రాఫర్: దానికి వెలుగు వెనక నుంచి రావాలి, ఆవిరి వెనక ముదురు రంగు ఏదైనా ఉండాలి. తెల్ల గోడ ముందు అది కనబడదు. ముందు ఖాళీ గిన్నె పెట్టి అంతా సర్దుకోండి. పొయ్యి మీది పప్పు చివర్లో పోయండి.